వైద్యుని కలం పేరు, రోగి ఆనవాలు



ఇంతవరకు మీకు రక్తపోటు గురించి, మధుమేహం గురించి, మోకాళ్ల అరుగుదల గురించి వ్రాస్తూ వచ్చాను. ఈ మారు విషయం వ్యాధి కాదు. అయినా వైద్యానికి దూరమైనదీ కాదు. గత మాసంలో బడంగ్‌పేట్‌లోని మా ఇంటికి ఒక యువ వైద్యురాలు వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నది. చేతిలో ఒక కథ వ్రాతప్రతి ఉన్నది. “సార్, నాకొక మంచి కలం పేరు సూచించండి. నేనెవరో ఎవరికీ తెలియకూడదు. పేరు కుదిరితే ఈ కథ పత్రికకు పంపుతాను” అన్నది. నేనూ ఒకప్పుడు కథలు వ్రాసేవాణ్ణని ఆమెకు ఎవరో చెప్పారట. పేరు సంగతి తరువాత చూద్దామని, ముందుగా ఆమెకు నా అనుభవం ఒకటి చెప్పాను. నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ఆ సంగతిని ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

అది 1981వ సంవత్సరం. నేను తెలంగాణలోని ఒక తాలూకా ఆసుపత్రిలో వైద్యాధికారిగా ఉన్నాను. సాయంత్రాలు కథలు వ్రాసేవాణ్ణి. మా అమ్మ పేరులోని సగం, పుట్టిన ఊరి పేరులోని సగం కలిపి ఒక కలం పేరు పెట్టుకున్నాను. అది చాలా తెలివైన పనిగా అప్పట్లో నాకు తోచింది. నా వద్దకు క్షయ చికిత్సకు ఒక గృహిణి వచ్చేది. వయస్సు ఇరవై నాలుగు లోపే. భర్త గడియారాలు బాగుచేసేవాడు. అత్తగారికి జబ్బు సంగతి తెలిస్తే కోడలిని పుట్టింటికి పంపివేస్తుందని భార్యాభర్తలిద్దరికీ భయం. అందుచేత గడియారం సామాను కొనే నెపంతో అతడామెను పట్నానికి తీసుకువచ్చేవాడు. మాత్రలను ఆమె ఇంట్లో పనిచేయని ఒక గోడ గడియారం పెట్టెలో దాచుకునేది. ఈ మాట ఆమె నాతో నవ్వుతూ చెప్పింది. నాకది కథగా తోచింది.

వ్రాశాను. ఆమె పేరు మార్చాను, ఊరి పేరు మార్చాను, జిల్లా కూడా మార్చాను. గడియారం పెట్టెను మాత్రం మార్చలేదు. అది తీసివేస్తే కథలో ప్రాణమేమున్నదని అనుకున్నాను. ఒక వారపత్రిక ఆ కథను ప్రచురించింది. రెండు నెలలు ఏమీ జరగలేదు. తరువాత పారితోషికంగా 30 రూపాయల మనియార్డరు వచ్చింది. అది నా కలం పేరు మీద, ఆసుపత్రి చిరునామాకు వచ్చింది. పత్రికకు కథ పంపినప్పుడు నా అసలు పేరు వ్రాయలేదు, చిరునామా మాత్రం వ్రాశాను. పోస్టుమన్ ఔట్‌పేషెంట్ గది గుమ్మంలో నిలబడి, ఆ పేరుగలవారు ఇక్కడ ఎవరని గట్టిగా అడిగాడు. లోపల నలభై మంది రోగులున్నారు. పోస్టుమన్‌కు సంతకం కావాలి, సాక్షి కావాలి. నేను లేచి, ఆ పేరు నాదేనని ఒప్పుకొని సంతకం చేశాను. మా కాంపౌండరు సాక్షిగా నిలబడ్డాడు. సాయంత్రానికి తాలూకా కేంద్రమంతటికీ డాక్టరు కథలు వ్రాస్తాడని తెలిసిపోయింది. శాఖా గ్రంథాలయంలో ఆ పాత సంచికను వెదికి పట్టుకున్నారు. మంగలి దుకాణంలో దానిని పైకి చదివి వినిపించారు.

ఇక్కడ జరిగినదేమిటో నిదానంగా గమనించండి. కథ వెలువడిన నాడు ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు. ఎవరో రచయిత, ఎక్కడి ఊరో, ఎవరి కోడలో అనుకున్నారు. రచయిత ఫలానా ఆసుపత్రి వైద్యుడని తెలిసిన మరుక్షణం వెదకవలసిన పరిధి రాష్ట్రం నుండి ఒక్క తాలూకాకు కుంచించుకుపోయింది. అందులోనూ ఆసుపత్రికి వచ్చిపోయేవారిలో గడియారాలు బాగుచేసేవాడు ఒక్కడే. నా ముసుగు తొలగగానే, దానితో పాటు ఆమె ముసుగు కూడా తొలగిపోయింది. నా కలం పేరుకు లోపల తాళం లేదు. నేను దాని వెనుక నిలబెట్టినది నన్ను ఒక్కణ్ణే కాదు.

మరుసటి నెల ఆమె మాత్రలకు రాలేదు. మూడు వారాల తరువాత ఆమె భర్త వచ్చాడు. కోపంతో రాలేదు. కోపంతో వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. బల్లకు అవతల నిలబడి, “కత మంచిగ రాసిన్రట గద డాక్టర్ సాబ్. గడియారం డబ్బల గోలీలు మా ఇంట్ల తప్ప ఇంకెవలింట్ల ఉంటయి?” అన్నాడు. ఆమెను పుట్టింటికి పంపివేశారు. బిడ్డను మాత్రం ఇక్కడే ఉంచుకున్నారు.

ఆనాటి క్షయ చికిత్స నేటి ఆరు నెలల చికిత్స వంటిది కాదు. మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదిమందు, దానితో పాటు ఐసోనయజిడ్, థయాసెటజోన్ మాత్రలు ఇచ్చేవాళ్లం. తరువాత ఆ మాత్రలే ఏడాదికి పైగా కొనసాగించవలసి ఉండేది. రెండు నెలలకే జ్వరం, దగ్గు తగ్గుతాయి, రోగికి ఆరోగ్యం కుదుటపడినట్లే ఉంటుంది. కాని లోపల మందకొడిగా ఉన్న క్రిములు చావవు. అక్కడ మానివేస్తే అవి తిరిగి విజృంభిస్తాయి, పైగా మందుకు లొంగని క్రిములే మిగలవచ్చు. ఆమెకు చికిత్స ఐదవ నెలలో ఆగిపోయింది. ఆమె పుట్టిల్లున్న ప్రాంతపు క్షయ కేంద్రం వైద్యునికి ఉత్తరం వ్రాశాను. చికిత్స కార్డు నకలు జతపరిచాను. సుమారు ఏడు వారాల అంతరాయం తరువాత ఆమె అక్కడ మాత్రలు తీసుకోవడం మొదలుపెట్టిందని జవాబు వచ్చింది. నాలుగు నెలలు సక్రమంగా వచ్చిందని మరొక కార్డు వచ్చింది. ఆ తరువాత ఆ వైద్యుడు బదిలీ అయినాడు. ఆమె కబురు నాకు మరి తెలియలేదు.

ఈ సంఘటన తరువాత నాలుగేళ్లు నేనేమీ వ్రాయలేదు. మళ్లీ వ్రాసినప్పుడు రెండు వేర్వేరు పనులను వేరుగానే చూడడం నేర్చుకున్నాను. రచయితను దాచడం ఒక పని. రోగిని దాచడం మరొక పని. మొదటిది పేరుతో అవుతుంది, రెండవది కథలోనే కావాలి. కలం పేరు ఏనాడో ఒకనాడు బయటపడుతుందనే లెక్కతోనే కథ వ్రాయాలి. రేపు ఉదయం నా అసలు పేరు పత్రికలో పడినా ఈ రోగిని ఎవరూ పోల్చుకోలేరు అనే నమ్మకం కుదిరినప్పుడే కథను పంపాలి.

ముందుగా పేరు గురించి. తల్లి పేరు, ఊరి పేరు, ఇంటి పేరు తిరగవేసి కూర్చిన కలం పేర్లను మన ఊరివారు అరగంటలో విప్పగలరు. మన ఇంటి పేర్లలో ఊరు, కులం రెండూ తొంగిచూస్తుంటాయి. 1965లో హైదరాబాదులో దిగంబర కవులు ఆరుగురు తమ పేర్లు మార్చుకున్నప్పుడు ఆ గుర్తులనే తుడిచివేశారు. నిఖిలేశ్వర్ అసలు పేరు కుంభం యాదవరెడ్డి, చెరబండరాజు అసలు పేరు బద్దం భాస్కరరెడ్డి. వారిది దాగుకొనే ప్రయత్నం కాదు. తామెవరో అందరికీ తెలుసు. 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను నిర్బంధించినప్పుడు ఆ పేర్లు వారికి ఏ రక్షణా ఇవ్వలేదు. పేరు మార్చుకోవడం వేరు, గోప్యత వేరు అనడానికి ఈ ఉదాహరణ చాలును.

గోప్యతకే అయితే పేరుకు మన జీవితంతో ఏ సంబంధమూ ఉండకూడదు. నేను రెండవమారు పేరు ఎంచుకున్నప్పుడు మా బంధువులలో ఎవరికీ లేని పేరును, నేనెన్నడూ ఉద్యోగం చేయని ప్రాంతపు ఇంటి పేరు లేకుండా, ఒకే మాటగా పెట్టుకున్నాను. ఆ పేరుతో మరొక వైద్యుడు గాని, మరొక రచయిత గాని ఉన్నారేమో విచారించాను. మన కథకు మరొకరు మాటపడడం అన్యాయం కదా.

పారితోషికం అన్నది ఇప్పటికీ పెద్ద కంతయే. కలం పేరు మీద వచ్చిన చెక్కును బ్యాంకువారు తీసుకోరు. ఫోను ద్వారా డబ్బు పంపితే అవతలివారికి బ్యాంకులో ఉన్న అసలు పేరే కనబడుతుంది. అందుచేత సంపాదకునికి అసలు పేరు చెప్పి తీరాలి. సంపాదకుని వద్ద దాగడం నేను చేసిన మొదటి తప్పు. కథతో పాటు వేరే కాగితం మీద అసలు పేరు, ఇంటి చిరునామా, బ్యాంకు వివరాలు వ్రాసి, ఇవి కార్యాలయ దస్త్రానికి మాత్రమేననీ, ప్రచురణలో గాని, పాఠకుల ఉత్తరాలకు జవాబులో గాని వీటిని వాడవద్దనీ స్పష్టంగా కోరాలి. పని చేసే ఆసుపత్రి చిరునామా ఎన్నడూ ఇవ్వరాదు. రచనలకు ఒక ఫోను నంబరు, రోగులకు మరొకటి ఉండాలి.

ఆ కాగితం మరొక విధంగా కూడా ఉపకరిస్తుంది. 1957 నాటి కాపీరైటు చట్టం 23వ సెక్షను ప్రకారం, కలం పేరుతో వెలువడిన రచనకు హక్కు సాధారణంగా ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరారంభం నుండి 60 ఏళ్లే. ఆ గడువులోగా రచయిత ఎవరో వెల్లడైతే, రచయిత మరణానంతరం 60 ఏళ్ల వరకు ఉంటుంది. ఆ రచన తనదేనని చూపించే ఆధారం ఎక్కడో ఒకచోట లేకపోతే వారసులకు చిక్కు వస్తుంది. నా కథలు ఏవో మా అబ్బాయికి తెలుసు. అతనికి అవి చదివే ఆసక్తి లేదు, అది వేరే సంగతి.

ఉద్యోగంలో ఉన్నవారు మరొకటి తెలుసుకోవాలి. కలం పేరు పెట్టుకుంటే ప్రభుత్వాన్ని ఏమన్నా ఫరవాలేదని మిత్రులు చెబుతుంటారు. అది భ్రమ. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) 9వ నియమం, ప్రభుత్వ విధానాలపై ప్రతికూల విమర్శను సొంత పేరుతో చేసినా, పేరు లేకుండా చేసినా, మారుపేరుతో చేసినా ఒకటేనని విడమరచి చెబుతుంది. రాష్ట్రోద్యోగుల నియమావళి ధోరణి కూడా అదే. సాహిత్య రచన వేరు, దానికి అంత ఆటంకం లేదు. న్యాయమూర్తిగా పనిచేసిన భాగవతుల నరసింగరావుగారు, ఆయన సతీమణి బాలాత్రిపురసుందరమ్మగారు కలిసి బీనాదేవి అనే ఒకే పేరుతో వ్రాశారు. 1990లో ఆయన మరణించిన తరువాత కూడా ఆమె అదే పేరుతో కొనసాగించారు. ఇద్దరి పేరు ఒకరి పేరుగా మిగలడం నాకెప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక వైద్యులకు ప్రత్యేకమైన సంగతి. మా అమ్మాయి వయస్సున్న ఆ వైద్యురాలు కథలతో పాటు ఆరోగ్య వ్యాసాలు కూడా కలం పేరుతోనే వ్రాస్తానన్నది. వద్దన్నాను. భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తనా నిబంధనలలో 7.11వది దీని గురించే. వైద్యుడు తన ప్రచారం కోసం పత్రికలలో వ్రాయరాదు. ప్రజారోగ్యం గురించి వ్రాయవచ్చు, కాని తన సొంత పేరుతో. నాకిది న్యాయంగానే తోస్తుంది. ఫలానా మందు మానవద్దని చెప్పినవాడు ఎవడో, అతని అర్హత ఏమిటో చదువరికి తెలియాలి. అది పొరపాటైతే నిలదీయడానికి ఒక మనిషి ఉండాలి. అందుకే మీరిక్కడ చదివేవన్నీ నా సొంత పేరుతోనే ఉన్నాయి. కథలో పాత్ర చెప్పే మాటకు ఆ బాధ్యత లేదు, కాబట్టి కథకు మారుపేరు ఉండవచ్చు.

రష్యా రచయిత చెహోవ్ కూడా ఇదే విభజన చేసుకున్నాడు. ఆయన 1884లో వైద్య పట్టా పొందాడు. హాస్య పత్రికలకు అంతోషా చెఖోన్తే అనే పేరుతో వ్రాసేవాడు. ఇంటి పేరును వైద్యానికి అర్పించానని ఒక మిత్రునికి వ్రాశాడు. 1886లో ఒక పెద్ద పత్రికాధిపతి అసలు పేరు వేస్తామని కోరగా ఒప్పుకున్నాడు. ఆయన విషయంలో చివరకు సాహిత్యమే ఇంటి పేరును తీసుకున్నది. మన తెలుగులో డాక్టర్ పి. శ్రీదేవిగారు, కుష్ఠు వైద్యులైన డాక్టర్ కేశవరెడ్డిగారు సొంత పేర్లతోనే వ్రాశారు. కలం పేరు ఉండి తీరాలని నేననడం లేదు.

అదే 2002 నిబంధనలలో 7.14 ప్రకారం వృత్తిరీత్యా తెలిసిన రోగి రహస్యాన్ని బయటపెట్టరాదు. న్యాయస్థానం ఆదేశం, ఇతరులకు తీవ్ర ప్రమాదం, తెలియజేసి తీరవలసిన వ్యాధులు వంటివి మాత్రమే మినహాయింపులు. 7.17 ప్రకారం గుర్తుపట్టే విధంగా రోగి ఫోటోను గాని, రోగ వివరాన్ని గాని అనుమతి లేకుండా ప్రచురించరాదు. గుర్తు తెలియకుండా ఉంటే అనుమతి అక్కరలేదు. ఈ చివరి వాక్యాన్ని చూసే నాబోటివారు ధైర్యపడతారు. గుర్తు తెలియదని తీర్మానించేది ఎవరు? వ్రాసినవాడే. రోగి పొరుగింటివారు కాదు. 1981లో నేను కూడా గుర్తు తెలియదనే అనుకున్నాను.

ఈ మాటలన్నీ అయిన తరువాత ఆమె కథను ఇద్దరం ముందు పెట్టుకుని కూర్చున్నాం. పేగు క్యాన్సరు వచ్చిన ఒక వృద్ధుని కథ అది. జబ్బు పేరు ఆయనకు చెప్పవద్దని కొడుకులు వైద్యులను కోరతారు. ఆయనకు మొదటి నుండీ తెలుసు. తనకు తెలిసినట్లు కొడుకులకు తెలియనివ్వడు. మంచి కథ. ఆమె మనిషి పేరు, ఊరి పేరు మార్చింది. ఆయన ఆ ఊరికి తొలి పోస్టుమాస్టరు అన్నది అలాగే ఉన్నది. ఇద్దరు కొడుకులు అమెరికాలో ఉన్నారన్నదీ, వాకిట్లో మూడు వేపచెట్లున్నాయన్నదీ ఉన్నాయి.

“ఈ కథను ఆ ఊరి పాలవాడు చదివితే?” అని అడిగాను.

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. “రెండో పేరాలోనే పోల్చుకుంటాడు సార్” అన్నది.

ఒక్కొక్క వివరం దగ్గర ఆగి, ఇది లోకంలో ఎంతమందికి ఉంటుందని లెక్కవేశాం. పేగు క్యాన్సరు వేలమందికి ఉంటుంది, దానిని ఉంచవచ్చు. ఊరికి తొలి పోస్టుమాస్టరు ఒక్కడే ఉంటాడు, కాబట్టి అది పోవాలి. ఆయనను ఒక చేనేత సహకార సంఘం గుమాస్తాగా మార్చాం. కొడుకులను కూతుళ్లుగా మార్చాం, వారిని అమెరికా నుండి సూరత్‌కు తెచ్చాం. వేపచెట్లు పోయాయి. ఆయన చివరి రోజుల్లో ఒక్క వస్తువును దిండు క్రింద ఉంచుకునేవారట. అదేమిటో నేనిక్కడ వ్రాయను. ఆమెకు దానిని వదలడానికి మనస్సు ఒప్పలేదు. నా గడియారం పెట్టె నాకు గుర్తుకు వచ్చింది. కథను బ్రతికించే వివరం చాలావరకు ఇటువంటిదే, లోకంలో ఒక్కరికే చెందినది. దానిని తీసివేసి, అదే పని చేసే మరొక వస్తువును కల్పించడమే కథకుని పని. చివరకు ఆమె ఒకటి కల్పించింది. అసలు వస్తువు కన్నా కొంచెం తక్కువే, కాని చాలును.

ఇంత చేసిన తరువాత కూడా, ఆయన పెద్ద కుమారునికి కథ చూపించి అడగమన్నాను. రోగి మరణించాడు కదా అన్నది. రోగి రహస్యం రోగితో మరణించదని నా అభిప్రాయం. ఇంట్లో వారు బ్రతికే ఉన్నారు. వారు వద్దంటే ఆ కథ సొరుగులో ఉంటుంది. నా సొరుగులో అటువంటివి మూడు ఉన్నాయి.

మేము మాట్లాడుకుంటుండగా మా ఇంటావిడ కాఫీ తెచ్చింది. ఆమెకూ ఈ విషయంలో ఒక ఫిర్యాదు ఉన్నది. ఒకప్పుడు నా కథలో భార్య గయ్యాళిగా ఉండేసరికి, నా కలం పేరు తెలిసిన ఇద్దరు బంధువులు ఆమెను ఓదార్చడానికి ఇంటికి వచ్చారు. వారు వెళ్లిన తరువాత ఆమె నాతో, “మీరు పేరు మార్చుకున్నారు. నేను మార్చుకోలేదు కదండీ” అన్నది. ఆనాటి నుండి వ్రాతప్రతిని మొదట ఆమె చదువుతుంది. ఆమె కొట్టివేసిన పేరాలను నేను తిరిగి వ్రాయను. ఆ సంగతి విని వైద్యురాలు నవ్వి, తన భర్తకు ఇంకా కథ చూపించలేదన్నది.

వెళ్లబోతూ చెప్పులు వేసుకుంటున్నప్పుడు, “మరి పేరు, సార్?” అన్నది. పేరు నేనివ్వకూడదనీ, నేనిస్తే ఆ పేరు తెలిసినవాడు ఒకడు అప్పుడే తయారవుతాడనీ చెప్పాను. పది రోజుల క్రితం ఫోను చేసింది. వృద్ధుని కుమారుడు కథ చదివి, ఒక్క వాక్యం మార్చమని కోరి, ఒప్పుకున్నాడట. కథను పత్రికకు పంపిందట. ఏ పేరుతో పంపినదీ ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.